అన్నీ రాశాడు, అడిగింది తప్ప

ఇంగ్లండ్‌లో మేనేజ్‌మెంట్ ఎమ్మెస్సీలో చేరిన ఒక గుంటూరు కుర్రాడికి మొదటి ఎస్సేలో 52 మార్కులొచ్చాయి. ఇక్కడ డిగ్రీలో 78 శాతం తెచ్చుకున్నవాడు. మూడు వారాలు లైబ్రరీలోనే ఉన్నాడు. ఇంగ్లిష్‌లో తప్పులు లేవు, పదాల లెక్క మించలేదు, గడువుకు ఒకరోజు ముందే అప్‌లోడ్ చేశాడు. పరీక్ష బాగా రాశామా లేదా అన్నది హాలు బయటికి రాగానే తెలిసిపోతుందని నమ్మే పిల్లవాడు. ఈసారి బాగా రాశాననే అనుకున్నాడు.

ఈ కుర్రాడు ఎవరో ఒక్కడు కాదు. సెప్టెంబరులో విమానమెక్కి, నవంబరులో మొదటి ఎస్సే ఇచ్చి, డిసెంబరులో మార్కులు చూసి కంగుతినే మన పిల్లల అనుభవాలను కలిపి అల్లిన మనిషి. అందుకే పేరు పెట్టలేదు. అతనికి వచ్చిన ప్రశ్నలోని సిద్ధాంతం, దాని మీద నడిచిన వాదోపవాదాలు, మార్కులు వేసే పద్ధతి మాత్రం కల్పితం కావు.

ప్రశ్నలో ఏముంది?

ఇంటర్నేషనల్ బిజినెస్ చదివే ప్రతివాళ్లకూ ఎదురయ్యే ప్రశ్నే అది. ‘బహుళజాతి సంస్థల్లో మేనేజర్లకు హోఫ్‌స్టెడ సాంస్కృతిక నమూనా ఎంతవరకు ఉపయోగపడుతుందో క్రిటికల్‌గా ఎవాల్యుయేట్ చేయండి. 2,000 పదాలు.’

గీర్ట్ హోఫ్‌స్టెడ నెదర్లాండ్స్‌కు చెందిన పరిశోధకుడు. ఐబీఎం కంపెనీ 1967 నుంచి 1973 దాకా వేర్వేరు దేశాల్లోని తన ఉద్యోగులతో నింపించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను ముందేసుకుని, దేశాల మధ్య సాంస్కృతిక తేడాలను అంకెల్లోకి దించాడు. 1980లో పుస్తకం వేశాడు. పైవాడి అధికారాన్ని కిందివాళ్లు ఎంత సహజంగా ఒప్పుకుంటారు, మనిషి తనను తాను ఒంటరిగా చూసుకుంటాడా లేక గుంపులో ఒకడిగానా, అనిశ్చితి అంటే ఎంత బెదురు, పోటీతత్వానికి ఎంత విలువ ఇస్తారు అనే నాలుగు కొలతలు మొదట ఇచ్చాడు. తర్వాత మరో రెండు చేరాయి. మొదటి కొలతలో భారత్‌కు 77 పడింది, బ్రిటన్‌కు 35. అంటే మన ఆఫీసుల్లో బాస్ మాటకు ఎదురుచెప్పడం తక్కువనీ, వాళ్ల ఆఫీసుల్లో మనకంటే ఎక్కువనీ.

మనవాడు ఆ నమూనాను శ్రద్ధగా చదివాడు, శ్రద్ధగా రాశాడు. అతని 2,000 పదాలు ఎలా ఖర్చయ్యాయో చూస్తే జరిగింది అర్థమవుతుంది. హోఫ్‌స్టెడ 1928లో పుట్టడం దగ్గర్నుంచి జీవిత విశేషాలకు, సంస్కృతి అంటే ఏమిటనే నిర్వచనాలకు దాదాపు 400 పదాలు. ఆరు కొలతల వివరణకు 900. ప్రయోజనాలు అనే సైడ్ హెడ్డింగ్ కింద 300, లోపాలు అనే సైడ్ హెడ్డింగ్ కింద 250. మిగిలిన 150లో ముగింపు: ఈ నమూనాకు ప్రయోజనాలూ ఉన్నాయి, లోపాలూ ఉన్నాయి, కాబట్టి మేనేజర్లు దీన్ని జాగ్రత్తగా వాడుకోవాలి.

ఒక్క వాక్యమూ తప్పు కాదు. కానీ ప్రశ్న అడిగింది ‘ఎంతవరకు’ అని. ఆ సంగతి 2,000 పదాల్లో ఎక్కడా తేలలేదు. సంబంధం ఖాయం చేసుకోవచ్చా అని పెద్దవాళ్లు అడిగితే, పెళ్లికొడుకు బయోడేటా ముచ్చటగా చదివి వినిపించి ఊరుకున్నట్టయింది.

ఇక్కడ తెలివి, అక్కడ లోటు

అలా రాయడం తెలివితక్కువతనం కాదు. మన డిగ్రీ పరీక్షల్లో అదే తెలివి. మూడు గంటల పేపర్లో ఎస్సే ప్రశ్న వస్తే నిర్వచనం, లక్షణాలు, ప్రయోజనాలు, పరిమితులు, ముగింపు అనే వరసలో సైడ్ హెడ్డింగులు పెట్టి, వాటి కింద గీతలు కొట్టి రాస్తాం. దిద్దే మాస్టారి ముందు పేపర్ల కట్టలుంటాయి. ఆయన పాయింట్లు చూసుకుంటూ పోతారు. ఏ పాయింటుకు మార్కు పడుతుందో తెలియదు కాబట్టి ఏదీ వదలకూడదు. హాలు బయట ‘ఎన్ని అడిషనల్స్ తీసుకున్నావ్?’ అని అడిగేది అందుకే. సిలబస్‌లో ఉన్నది నీకు వచ్చా అన్నదే అక్కడ పరీక్ష.

ఇంగ్లండ్‌లో మాస్టర్స్ ఎస్సేకు నెలన్నర గడువిస్తారు. పుస్తకాలన్నీ తెరిచి పెట్టుకోవచ్చు. పుస్తకం చేతిలో ఉన్నవాడు హోఫ్‌స్టెడ చెప్పింది మళ్లీ చెప్పగలడని వేరే రుజువు అక్కర్లేదు. అందుకని దిద్దేవాళ్లు దానికి కొద్దిపాటి మార్కులే ఉంచుతారు. ఇద్దరు పరిశోధకులు కొట్లాడుకుంటుంటే ఎవరి వాదనకు ఎక్కువ బలముందో, ఎందుకో, ఏ సందర్భంలో ఆ బలం తగ్గుతుందో విద్యార్థి తేల్చగలడా అన్నదానికే అసలు మార్కులు. ప్రశ్నలోని ‘క్రిటికల్‌గా ఎవాల్యుయేట్’ అడిగేది ఇదే. తిట్టమని కాదు, తప్పులు మాత్రమే ఏరమనీ కాదు.

ఈ సంగతి యూనివర్సిటీలు దాచిపెట్టేదేమీ కాదు. మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో మార్కింగ్ క్రైటీరియా పట్టిక ఉంటుంది. విషయ పరిజ్ఞానం, విశ్లేషణ, ఆధారాల వాడకం, నిర్మాణం అని అడ్డవరసలు, మార్కుల శ్రేణులు నిలువువరసలు. మనవాడు ఆ పట్టిక తెరిచాడు కూడా. ‘విశ్లేషణ’ గడిలో 70కి పైన ‘స్వతంత్రమైన, ఆధారాలతో కూడిన వాదన’ అనీ, 50ల్లో ‘ఎక్కువభాగం వర్ణనాత్మకం’ అనీ ఉంది. రెండూ చదివి, తనది మొదటిదే అనుకున్నాడు. తన ఎస్సేలో 14 పుస్తకాల పేర్లున్నాయి మరి! ఆధారాలంటే అవేనని అతని లెక్క.

52 అంటే ఎంత?

మార్కులు వచ్చిన రాత్రి ఇంటికి ఫోన్ చేశాడు.

“యాభై రెండేనా? ఫస్ట్ క్లాసు కూడా రాలేదా నాన్నా?” అన్నాడు తండ్రి.

“పాసయ్యాను నాన్నా. ఇక్కడ లెక్క వేరంట.”

లెక్క నిజంగానే వేరు. బ్రిటన్‌లో మాస్టర్స్‌కు సాధారణంగా 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. డిగ్రీ స్థాయిలో 40 పాస్, 70 దాటితే ఫస్ట్ క్లాస్. వంద దాకా మెట్లున్నా 80 దాటేవాళ్లు అరుదు. ఇక్కడి 78ని అక్కడి 52 పక్కన పెట్టి, తేడా 26 అని తీసేయడం అర్థంలేని పని. రెండూ వేర్వేరు కొలబద్దలు.

అలాగని 52 వస్తే పరవాలేదని సర్దుకోవడమూ పొరపాటే. పట్టిక ప్రకారం 52 అంటే ‘చదివాడు, అర్థం చేసుకున్నాడు, వాదించలేదు’ అని. కుర్రాడు ఈ రెండు పొరపాట్లూ వరసగా చేశాడు. ముందు పరువు పోయిందనుకున్నాడు, మర్నాడు కొలబద్ద వేరు కదా అని ఊరట చెందాడు. మార్కు పక్కనున్న వ్యాఖ్యల మీదికి రెండుసార్లూ దృష్టి పోలేదు.

మార్జిన్‌లో మాటలు

వ్యాఖ్యలు తెరిచాడు మూడో రోజున. హోఫ్‌స్టెడ జీవిత విశేషాల పక్కన ‘ప్రశ్నకు దీంతో సంబంధం?’ అని ఉంది. ఆరు కొలతల పక్కన ‘వర్ణన. అయితే ఏమిటి?’ అని. లోపాల జాబితా పక్కన ‘ఇవి ఎవరు అన్నారు? మీరు ఒప్పుకుంటున్నారా?’ అని. చివర ‘చక్కగా చదివారు. మీ గొంతు వినిపించలేదు’ అని.

‘మీ గొంతు’ దగ్గర ఆగిపోయాడు. ఎస్సేల్లో ‘నేను’ అని రాయకూడదని ఎక్కడో విన్నాడు. అదే ఇంట్లో ఉంటున్న కడప సీనియర్‌ని అడిగాడు.

“అన్నా, గొంతు అంటే ఏంటి? ఇంగ్లిష్ బాలేదనా?”

“అంతే తమ్ముడూ, మనది ఇండియన్ ఇంగ్లిష్ కదా. ఎవరితోనైనా ప్రూఫ్ రీడింగ్ చేయించుకో” అన్నాడు సీనియర్.

ఇద్దరూ పప్పులో కాలేశారు. విదేశీ విద్యార్థులు మార్కు తగ్గగానే ముందు అనుమానించేది భాషనే. పోనీ, భాషే అడ్డమైతే పోల్చుకోవడం కష్టం కాదు. వాక్యం అర్థం కాలేదని, మాట సరిగా పడలేదని మార్జిన్‌లో రాస్తారు. ఇక్కడ అలాంటి వ్యాఖ్య ఒక్కటి లేదు. ‘అయితే ఏమిటి?’, ‘ఎవరన్నారు?’ అన్నవి ఆలోచన గురించిన ప్రశ్నలు. ప్రూఫ్ రీడింగ్‌కు పౌండ్లు పోసినా ఆ ఎస్సేకు 52 చుట్టుపక్కలే వచ్చేవి.

ఇంకో తప్పుడు ధైర్యం కూడా ఉందతనికి. పేపరు టర్నిటిన్‌లో వేస్తే పోలిక 9 శాతమే వచ్చింది. కాబట్టి ఎస్సే సొంతమేనని నమ్మాడు. ఆ సాఫ్ట్‌వేర్ చూసేది తన దగ్గరున్న పాఠాలతో అక్షరాలు ఎంత కలుస్తున్నాయన్నది మాత్రమే. పుస్తకంలోని పేరా తీసుకుని, మాటకు మాట మార్చి, వాక్యాలను అటూ ఇటూ తిప్పితే అంకె తగ్గుతుంది. ఆలోచన మాత్రం పుస్తకానిదే. మూలం పేరు చెప్పకపోతే అది కాపీ కిందికే వస్తుంది. పేరు చెప్పినా, పేరా అంతా అదే అయితే విద్యార్థి వాటాగా ఏమీ మిగలదు.

ఒక పేరా, రెండు రకాలు

చివరికి లెక్చరర్ ఆఫీస్ అవర్‌కు వెళ్లాడు. వారంలో ఫలానా గంట విద్యార్థుల కోసం తలుపు తీసి ఉంచే పద్ధతి అది. కుర్రాడు ‘సార్’ అంటూ నిలబడ్డాడు. ఆయన కూర్చోబెట్టి, ఎస్సేలో ఒకే ఒక్క పేరా తీశారు.

కుర్రాడు రాసింది ఇలా ఉంది: ‘హోఫ్‌స్టెడ నమూనాకు కొన్ని లోపాలున్నాయి. ఇది ఒకే కంపెనీ మీద ఆధారపడింది. ఇది పాతది. దేశమంతా ఒకే సంస్కృతి ఉంటుందని భావిస్తుంది. మెక్‌స్వీనీ కూడా దీన్ని విమర్శించాడు.’

“మెక్‌స్వీనీ ఏమన్నాడు?” అని అడిగారు లెక్చరర్.

కుర్రాడు చదివాడు కాబట్టి చెప్పగలిగాడు. బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో రాసిన వ్యాసం ఆ లక్ష ప్రశ్నపత్రాలనే తిరగేసింది. మొత్తం పెద్దదే అయినా దేశాలవారీగా చూస్తే కొన్నిచోట్ల బొత్తిగా తక్కువ. పాకిస్తాన్‌లో మొదటి సర్వేలో 37 మంది, రెండోసారి 70 మంది. అంతమందిని బట్టి ఒక దేశం సంస్కృతిని ఎలా తేలుస్తామని ఆయన ప్రశ్న.

“దానికి హోఫ్‌స్టెడ ఏమన్నాడు?”

అదే ఏడు జవాబిచ్చాడు. అందరూ ఒకే కంపెనీవాళ్లు కావడమే మేలు, ఉద్యోగం, యాజమాన్యం లాంటి తేడాలు తొలగిపోయి దేశాల మధ్య తేడా మాత్రం మిగులుతుందన్నది ఆయన వాదన.

“మరి వీళ్లిద్దరిలో మీరు ఎవరి పక్షం?”

కుర్రాడికి నోట మాట రాలేదు. ఇద్దరూ ప్రొఫెసర్లు. తీర్పు చెప్పడానికి తానెవరు? ఎస్సేకు కావలసింది మాత్రం ఆ తీర్పే. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు, “దేశాల్ని పోల్చేటప్పుడు హోఫ్‌స్టెడ మాట కొంత నిలబడుతుంది సార్. కానీ మేనేజర్ దేశాన్ని నడపడు కదా, పదిమంది టీంని నడుపుతాడు.”

“ఇది ఎస్సేలో ఎందుకు లేదు?” అన్నారాయన.

ఆ సాయంత్రం తిరగరాసిన పేరా ఇది: ‘ఒక దేశంలో అడుగుపెట్టే ముందు ఏమేం గమనించాలో చెప్పడానికి హోఫ్‌స్టెడ నమూనా పనికొస్తుంది గానీ, ఒక ఉద్యోగి గురించి నిర్ణయం తీసుకోవడానికి చాలదు. దాని ఆధారం ఒకే కంపెనీ. పైగా కొన్ని దేశాల్లో జవాబిచ్చినవాళ్లు మరీ కొద్దిమంది. పాకిస్తాన్‌లో మొదటి సర్వేకు 37 మందేనని మెక్‌స్వీనీ (2002) చూపాడు. ఒకే కంపెనీ కావడం వల్ల దేశాల తేడా స్పష్టంగా తేలుతుందని హోఫ్‌స్టెడ (2002) సమర్థించుకున్నాడు. దేశాలను పోల్చేంతవరకు ఆ సమాధానం కొంత నిలుస్తుంది. అయితే దేశపు సగటును వ్యక్తులకు అంటగట్టరాదని ఆయనే హెచ్చరించాడు. మేనేజర్ రోజూ వ్యవహరించేది వ్యక్తులతో కాబట్టి, ఈ నమూనా ఉపయోగం తొలి పరిచయం దగ్గరే ఆగిపోతుంది.’

రెండు పేరాల్లోనూ సమాచారం దాదాపు ఒకటే. పాతదాంట్లో మూడు లోపాలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి, వాటిలో ఏది ముఖ్యమో తెలియదు. కొత్తదాంట్లో ఒక్క లోపమే ఉంది. మొదటి వాక్యంలోనే రాసినవాడి తీర్పు తెలిసిపోతుంది. తర్వాత ఆధారం, ఎదుటివాడి జవాబు, ఆ జవాబుకు ఎంత విలువ ఇవ్వాలన్న తూకం, చివరికి ‘ఎంతవరకు’ అన్నదానికి సూటి సమాధానం. ఎక్కడా ‘నేను’ అనే మాట లేకపోయినా రాసిన మనిషి కనిపిస్తున్నాడు. మార్జిన్‌లో అడిగిన గొంతు ఇదే.

ఇంత రాయడానికి చోటు కావాలి. జీవిత విశేషాలు, నిర్వచనాల 400 పదాలు మొత్తం పోవాలి. ఆరు కొలతల 900 పదాలు 250కి తగ్గాలి. తెలిసిన విషయాన్ని చేజేతులా కొట్టేయడం మన పిల్లలకు ప్రాణసంకటం. రాస్తే ఓ రెండు మార్కులైనా రాకపోతాయా అనే ఆశ అంత తొందరగా చావదు.

మన సంస్కృతే అంతా?

ఇక్కడ ఒక తమాషా ఉంది. భారతీయ విద్యార్థి గురువును ప్రశ్నించడు, పుస్తకాన్ని ప్రశ్నించడు, అతని దేశానికి ఆ కొలతలో 77 వచ్చింది కదా అనేవాళ్లు విదేశీ క్యాంపస్‌లలోనూ ఉన్నారు, మనలోనూ ఉన్నారు. సరిగ్గా మెక్‌స్వీనీ తప్పుపట్టిన ఆలోచనే అది. దేశపు సగటు అంకె తీసుకొచ్చి ఒక కుర్రాడి నెత్తిన పెట్టడం. ఇద్దరు క్రికెటర్లలో ఎవరు మేలని అడిగితే ఇదే కుర్రాడు పిచ్‌లు, ప్రత్యర్థులు, గణాంకాలు అన్నీ తూకం వేసి గంటసేపు వాదిస్తాడు. వాదించడం రాకపోవడం కాదు, దానికి మార్కులేస్తారని తెలియకపోవడమే అతని సమస్య. పదిహేనేళ్లపాటు రాసిన పరీక్షలు ఇంకోదానికి మార్కులేశాయి.

అసలు ఈ తికమక విదేశీ విద్యార్థులకే పరిమితం కాదు. మేరీ లీ, బ్రయన్ స్ట్రీట్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటిష్ యూనివర్సిటీల్లో లెక్చరర్లతో, విద్యార్థులతో మాట్లాడి 1998లో ఒక వ్యాసం ప్రచురించారు. మంచి ఎస్సేకు ‘వాదన’, ‘నిర్మాణం’ ఉండాలని లెక్చరర్లు అందరూ అంటారు గానీ, అవి ఏమిటో విడమరిచి చెప్పమంటే తడబడతారని అందులో తేలింది. ఒక సబ్జెక్టులో మెచ్చుకున్న రాతే ఇంకో సబ్జెక్టులో తేలిపోవచ్చు. అంటే అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకూ ఇది తడుముకుంటూ నేర్చుకునే విద్యే. మనవాళ్లకు ఇబ్బంది ఎక్కువ కావడానికి ఒక కారణం సమయం. వాళ్లు మూడేళ్ల డిగ్రీలో నేర్చుకునేదాన్ని, ఏడాదిలో ముగిసే మాస్టర్స్‌లో మొదటి టర్మ్‌లోనే పట్టుకోవాలి. మొదటి ఎస్సే మార్కులు డిసెంబరులో వస్తే, తర్వాతి ఎస్సేల గడువు జనవరిలోనే ఉంటుంది.

లెక్చరర్ దగ్గరికి ఏం తీసుకెళ్లాలి?

జనవరి ఎస్సేకు మనవాడు పద్ధతి మార్చాడు. పుస్తకాలు తెరవకముందు ప్రశ్నను మూడు ముక్కలు చేశాడు. దేని గురించి, ఎవరికోసం, ఏం తేల్చమంటున్నారు? ఆ మూడోదానికి ఒకే వాక్యంలో తాత్కాలికంగా జవాబు రాసుకున్నాడు. చదువుతున్నకొద్దీ ఆ వాక్యం రెండుసార్లు మారింది. మారడం మంచిదే, చదివింది పనిచేస్తోందన్నమాట. రాయడం పూర్తయ్యాక ప్రతి పేరాలో మొదటి వాక్యాన్ని మాత్రం ఒక కాగితం మీదికి దించాడు. అవి వరసగా చదివితే వాదన నడవాలి. రెండుచోట్ల ‘ఫలానా ఆయన ఫలానా ఏడాది ఇలా అన్నాడు’ అనే వాక్యాలు తగిలాయి. వర్ణన మళ్లీ చొరబడిందని అక్కడే దొరికిపోయింది.

అప్పుడు 64 వచ్చింది. మెరిట్. ఈసారి మార్జిన్‌లో ‘ఈ ఉదాహరణ మీ వాదనకు అనుకూలంగా ఉందని ఎంచుకున్నారా?’ అన్న వ్యాఖ్య ఉంది. ఇది 52 నాటి వ్యాఖ్య లాంటిది కాదు. వాదన ఉంది కాబట్టే దాన్ని గుచ్చి చూస్తున్నారు.

ఈ సెప్టెంబరులో బయల్దేరే పిల్లలు గడువుకు రెండు వారాల ముందే ఒకసారి ఆఫీస్ అవర్‌కు వెళ్లడం మేలు. మొత్తం ఎస్సే పట్టుకెళ్లి ‘బాగుందా సార్?’ అని అడిగితే ఉపయోగం లేదు. మార్కులు పడబోయే ఎస్సేను ముందే దిద్దిపెట్టడానికి చాలాచోట్ల ఒప్పుకోరు. మర్యాదకు ‘బాగుంది’ అంటే దాన్నిబట్టి తెలిసేదీ ఏమీ ఉండదు. ఒక్క పేరా, మార్కింగ్ పట్టికలో ‘విశ్లేషణ’ అన్న ఒక్క వరస తీసుకెళ్లాలి. ‘ఈ పేరా ఈ వరసలో ఏ గడిలో పడుతుంది? పక్క గడిలోకి వెళ్లాలంటే ఇందులో ఏం లేదు?’ అని అడగాలి. ఆ రెండు ప్రశ్నలకు పది నిమిషాలు చాలు, జవాబులు నోట్ చేసుకుని రావచ్చు.